తిన్నావా అనడం వేరు, లెక్క అడగడం వేరు

ఇంగ్లండ్‌కు చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, రాత్రి క్లాసు పని ముగించి ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ తెల్లవారుజాము అయి ఉంటుంది. అలాంటప్పుడు రోజంతా మెసేజ్‌లు పెట్టే మనిషి దొరికితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఇక్కడ చెప్పేది డబ్బు గుంజే మోసగాళ్ల గురించి కాదు, ప్రేమ పేరుతో అదుపులో పెట్టుకునేవాళ్ల గురించి. ఈ మనిషి నిజంగా మీ యూనివర్సిటీలోనే చదువుతుంటాడు, వీడియో కాల్‌లో కనిపిస్తాడు, ఒక్క పౌండు అడగడు. అందుకే మోసాలను పట్టే జాగ్రత్తలు ఇతని దగ్గర పనిచేయవు. అమ్మాయిలు అబ్బాయిలతో ఇలా ప్రవర్తించడమూ ఉంది.

"తిన్నావా, చేరావా" అని మనవాళ్లందరూ అడుగుతారు. జవాబు ఆలస్యమైనప్పుడు ఏం జరుగుతుందో గమనించండి.

పరిచయమై ఐదు రోజులే. "నీలాంటి అమ్మాయిని చూడలేదు, మా అమ్మకు కూడా చెప్పేశా" అంటాడు. ఆరో రోజు లైబ్రరీలో మీరు రెండు గంటలు ఫోన్ తీయలేదు. తీసేసరికి పదకొండు మిస్డ్ కాల్స్, "ఆన్‌లైన్‌లో ఉన్నావుగా, ఎవరితో?" కాసేపటికి "సారీ రా, నువ్వంటే అంత పిచ్చి". మర్నాడు పూలు. ఆ వారంలోనే "నాకు భయమేస్తోంది, లైవ్ లొకేషన్ పెట్టు", తర్వాత "నీ రూమ్మేట్ నిన్ను చెడగొడుతోంది". పూలు తీసుకున్న మొహమాటంతో మీరు కాదనలేరు. అతనికి కలిసొచ్చేది అదే.

తొందరపడే స్వభావం ఉన్నవాళ్లంతా ఇలాంటివాళ్లు కారు. తేల్చుకోవడానికి ఒక చిన్న "కాదు" చెప్పి చూడండి: "ఈ రెండు రోజులు అసైన్‌మెంట్ ఉంది, ఆదివారం మాట్లాడదాం." మామూలు మనిషి కాస్త నిరుత్సాహపడి ఆదివారం దాకా ఆగుతాడు. పెత్తనం చేసేవాడు అలుగుతాడు, ఏడుస్తాడు, లేదా అంతకు రెట్టింపు ప్రేమ కురిపించి ఆ రోజే మాట్లాడిస్తాడు. ఇంకోసారి చెప్పినా అంతే అయితే అది పెత్తనమే.

వాట్సాప్ లైవ్ లొకేషన్‌ను 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని ఎంచుకోవచ్చు. ప్రయాణంలో 15 నిమిషాలు చాలు. రోజూ 8 గంటలు అడిగితే అది కాపలా. వాట్సాప్‌లో Linked devices తెరిచి మీకు తెలియని పరికరం ఉంటే లాగవుట్ చేయండి. మీ ఫోన్ ఒక్క నిమిషం అతని చేతిలో ఉంటే చాలు, మీ చాట్ అతని ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది. అతనంటే ఇప్పటికే భయం ఉంటే మాత్రం అన్నీ ఒకేసారి ఆపేయకండి, కోపం పెరగవచ్చు. ముందు స్క్రీన్‌షాట్లు తీసి నమ్మకమైన స్నేహితురాలికి పంపండి.

ప్రేమ సంబంధంలో పదేపదే ఇలా అదుపులో పెట్టడం ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 చివరి నుంచి నేరం. ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. మహిళలకు గృహహింస హెల్ప్‌లైన్ 0808 2000 247 నంబరు 24 గంటలూ ఉచితం. బెదిరింపు వస్తే పోలీసులకు 999.