స్లో శాండ్ ఫిల్టర్ పది రోజులకే మూసుకుపోతుంటే

ఇసుక పైపొర గీకి శుభ్రం చేస్తారు. నాలుగు రోజులు నీళ్లు బాగా వస్తాయి. పదో రోజుకల్లా ధార సన్నబడి, మళ్లీ పార పట్టుకోవాల్సి వస్తుంది. ఊరి నీటి సరఫరాకు వాడే స్లో శాండ్ ఫిల్టర్లలో తరచూ కనిపించే ఇబ్బంది ఇది. మంచి నీరు అందుతున్న ఫిల్టర్ ఒకసారి శుభ్రం చేస్తే నెల నుంచి మూడు నెలల దాకా నడవాలి. పది రోజులకే మూసుకుపోతుంటే చాలామంది ఇసుక బాగోలేదనుకుని మొత్తం మార్చడానికి సిద్ధపడతారు. ముందు చూడాల్సింది ఇసుకను కాదు, నీరు దిగే వేగాన్ని.

ఒక లెక్క తీసుకుందాం. ఊరికి రోజుకు 96 ఘనపు మీటర్లు, అంటే 96,000 లీటర్లు కావాలి. ఒక్కోటి 20 చదరపు మీటర్ల రెండు బెడ్లు ఉన్నాయి. ఇసుక మందం 90 సెం.మీ., దాని మీద మీటరు లోతు నీరు. ఈ నీరు 24 గంటలూ సమానంగా దిగితే గంటకు 4 ఘనపు మీటర్లు. దాన్ని 40 చదరపు మీటర్లతో భాగిస్తే వేగం గంటకు 0.1 మీటరు. ఈ ఫిల్టర్‌కు సరైన వేగం ఇదే. ఒక బెడ్ శుభ్రం చేస్తున్న రోజున రెండోది 0.2తో నడిచినా ఫరవాలేదు.

వేగం ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

దీనికి మీటర్లేమీ అక్కర్లేదు. బయటికి వెళ్లే వాల్వ్‌ను ముట్టుకోకుండా, లోపలికి వచ్చే వాల్వ్ మాత్రం మూసేయండి. గోడ మీద నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీసి, అరగంట తర్వాత చూడండి. మట్టం 5 సెం.మీ. తగ్గితే గంటకు 0.1 మీటరు అన్నమాట, అంతా బాగున్నట్టే. 15 సెం.మీ. తగ్గితే వేగం 0.3. పైన చెప్పిన ఊళ్లో పంపు రోజుకు 8 గంటలే నడిచి, ఆ 96 ఘనపు మీటర్లనూ ఆ 8 గంటల్లోనే ఫిల్టర్ గుండా పంపేస్తుంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. రోజు మొత్తం మీద నీళ్లు సరిపోతున్నాయి కాబట్టి తప్పు ఎవరి కంటా పడదు. కానీ నీటిలోని మట్టి మూడింతల జోరుతో ఇసుక మీద పడి, లోతుగా దిగిపోతుంది. పైన 2 సెం.మీ. గీకినా కింద చేరిన బురద అలాగే ఉంటుంది కాబట్టి, బెడ్ మళ్లీ త్వరగా మూసుకుపోతుంది.

మిగతా 16 గంటలూ ఫిల్టర్ ఆగి ఉండటం ఇంకో నష్టం. ఇసుక మీద పట్టే జిగురు పొరలో ఉండే సూక్ష్మజీవులే రోగకారక క్రిములను చాలావరకు తొలగిస్తాయి. వాటికి కావలసిన ఆక్సిజన్‌ను పారే నీరే మోసుకొస్తుంది. నీరు ఆగిపోతే కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ తగ్గిపోతుంది. పొద్దున వాల్వ్ తిప్పగానే కుళ్లిన గుడ్ల వాసన వస్తే కారణం ఇదే.

దీనికి పరిష్కారం కొత్త ట్యాంకు కట్టడమొక్కటే కాదు. 8 గంటల పంపింగ్‌ను మూడు భాగాలు చేసి, ఎనిమిది గంటలకోసారి 2 గంటల 40 నిమిషాలు నడపండి. బయటికి వెళ్లే వాల్వ్‌ను తగ్గించి ఉంచితే, పంపు గంటకు 12 ఘనపు మీటర్లు పోస్తుంటే ఫిల్టర్ 4 వదులుతుంది. మిగిలిన నీరు బెడ్ల మీదే నిలుస్తుంది. ఒక్కో విడతలో అలా చేరేది సుమారు 21 ఘనపు మీటర్లు, అంటే 40 చదరపు మీటర్ల మీద 53 సెం.మీ. మట్టం దాదాపు అర మీటరుకూ మీటరుకూ మధ్య లేస్తూ దిగుతూ ఉంటుంది, ఫిల్టర్ మాత్రం ఆగదు. మట్టం దిగిన కొద్దీ ధార కొంచెం తగ్గడం సహజం. బయటి వాల్వ్‌ను మాటిమాటికీ తిప్పకండి, రోజుకోసారి కొద్దిగా సరిచేస్తే చాలు.

వేగం సరిగానే ఉన్నా త్వరగా మూసుకుపోతుంటే

అప్పుడు వచ్చే నీటినే అనుమానించాలి. నీటి మడ్డిని ఎన్‌టీయూ అనే కొలతలో చెబుతారు, అది 10 లోపు ఉంటే మంచిది. 20 దాటిన నీటిని ఫిల్టర్ కొద్ది రోజులకు మించి భరించలేదు. గీకిన పొరను చేతిలోకి తీసుకుని చూడండి. గోధుమ రంగు బంకమట్టిలా వేళ్లకు అంటుకుంటే మట్టి నీరు వస్తున్నట్టు. ఫిల్టర్‌కు ముందు నీరు తేరుకునే తొట్టి గానీ కంకర ఫిల్టర్ గానీ ఉండాలి. ఆకుపచ్చ దారాలు దారాలుగా వస్తే అది నాచు. బెడ్ మీద కప్పు వేస్తే, వెలుతురు లేక అది పెరగదు.

నిన్నే శుభ్రం చేశాం, ఈరోజే నీరు దిగడం లేదు

ఇది మురికి వల్ల కాదు, గాలి వల్ల. ఖాళీ చేసిన బెడ్‌ను పైనుంచి నింపితే ఇసుక రేణువుల మధ్య ఉన్న గాలి బయటికి పోయే దారి లేక అక్కడే చిక్కుకుంటుంది. నీటి మీద బుడగలు ఆగి ఆగి లేస్తుంటాయి. మళ్లీ గీకితే ఇసుక దండగ. నీరు దించేసి, రెండో బెడ్ నుంచి వచ్చిన వడకట్టిన నీటినే కింది పైపు ద్వారా నెమ్మదిగా పైకి ఎక్కించండి. ఇసుక మీద 10 సెం.మీ. నిలిచాకే పైనుంచి మామూలు నీరు వదలాలి.

శుభ్రం చేసే పద్ధతి

ముందురోజు సాయంత్రం లోపలికి వచ్చే నీరు ఆపి, ఉన్న నీటిని రాత్రంతా దిగనివ్వండి. పొద్దున మట్టం ఇసుకకు 10 నుంచి 20 సెం.మీ. కిందికి దించాలి, అంతకన్నా కిందికి వద్దు. లోపలి జీవులు ఎండిపోకూడదు. ఇసుక మీద పలకలు పరచి, వాటి మీదే నిలబడండి. చదునైన పారతో 1.5 నుంచి 2 సెం.మీ. మాత్రమే తీయండి. 20 చదరపు మీటర్ల బెడ్ నుంచి 0.4 ఘనపు మీటరుకు మించి ఇసుక బయటికి వచ్చిందంటే ఎక్కువ తీస్తున్నట్టే. గోడలు కూడా రుద్ది, అదే రోజు నింపడం మొదలుపెట్టాలి.

ఆ తర్వాత ఒకటి రెండు రోజులు వచ్చే నీటిని సరఫరాలో కలపకుండా బయటికి వదిలేయండి. నీరు తేటగానే కనిపిస్తుంది, కానీ జిగురు పొర ఇంకా కోలుకోలేదు. శుభ్రం చేసిన వెంటనే తీసిన నమూనాలో క్రిములు కనిపించడానికి ఎక్కువగా ఇదే కారణం. పరీక్షలో క్రిములు వచ్చాయని ఫిల్టర్‌కు ముందే బ్లీచింగ్ కలిపితే ఆ పొర చచ్చిపోతుంది. క్లోరిన్ ఎప్పుడూ ఫిల్టర్ దాటాకే కలపాలి.

ఇసుక మందం గీకిన ప్రతిసారీ తగ్గుతుంది. 90 నుంచి 50 సెం.మీ.కి వచ్చేదాకా, 2 సెం.మీ. చొప్పున ఇరవై సార్లు గీకవచ్చు. రెండు నెలలకోసారి అయితే మూడేళ్లకు పైగా వస్తుంది. పది రోజులకోసారి గీకితే ఏడు నెలల్లోపే అయిపోతుంది. 50కి చేరాక కొత్త ఇసుకను నేరుగా పైన పోయకండి. పాత ఇసుకను కొంత కొంతగా పక్కకు తీసి, అడుగున కడిగిన ఇసుక వేసి, దాని మీద పాతదాన్ని కప్పండి. జీవులున్న ఇసుక పైన ఉంటే బెడ్ త్వరగా పనికి వస్తుంది. అలా కాకుండా మొత్తం కొత్త ఇసుకే వేస్తే జిగురు పొర పట్టడానికి వారాలు పడుతుంది.