పోషకాహార శారీరక పరీక్ష, 3వ పాఠం: కాళ్లకు నీరు పట్టిన రోగిలో కండ, కొవ్వు చూడటం

గత పాఠంలో తిండి, బరువు ఎంత తగ్గాయో అడిగి రాసుకోవడం చూశాం. ఈసారి బరువు లెక్క పనికిరాని రోగిని తీసుకుందాం.

64 ఏళ్ల మగ రోగి. చాలాకాలంగా గుండె వైఫల్యం ఉంది. ఆరు నెలల కిందట 58 కిలోలు, ఇవాళ 57.5. కాగితం మీద చూస్తే తగ్గిందేమీ లేదు. కానీ రెండు కాళ్లకూ మోకాళ్ల దాకా వాపుంది, నొక్కితే చొట్ట పడుతోంది. రెండు నెలలుగా తన అవసరంలో సగమే తింటున్నాడు. కరిగిన కండ బరువును ఒంట్లో చేరిన నీరు కప్పేసిందా అన్నది మన ప్రశ్న. దానికి జవాబు ఒంటి పైభాగంలో దొరుకుతుంది. నీరు కిందికి దిగుతుంది, కండ కరగడం పైభాగంలో ముందుగా కనబడుతుంది.

రోగిని కూర్చోబెట్టండి. వెలుతురు బాగుండాలి. ఎందుకు ముట్టుకుంటున్నారో చెప్పి, అనుమతి తీసుకుని చొక్కా విప్పించండి. దుప్పటి మీంచి చూసి రాసే పరీక్షకు విలువ లేదు.

ముందు కణతలు. ఎదురుగా నిలబడి చూడండి, తర్వాత తల అటూ ఇటూ తిప్పమనండి. కండ సరిగా ఉంటే కణత నిండుగానో చదునుగానో ఉంటుంది. కొంచెం లోపలికి పోతే స్వల్ప నష్టం, గుంట పడి చుట్టూ ఎముక అంచు తేలితే తీవ్రం. పళ్లు బిగించమని వేళ్లు పెడితే కండ ఎంత మిగిలిందో తెలుస్తుంది. మన రోగికి రెండు వైపులా గుంటలున్నాయి. అయితే పళ్లు ఊడి ఏళ్లుగా మెత్తటి తిండే తినేవాళ్లకు ఈ కండ వాడకం తగ్గి కూడా పలచబడవచ్చు. అందుకే ఒక్క కణతను పట్టుకుని తేల్చకూడదు.

తర్వాత కాలర్ ఎముక, భుజం. మగవాళ్లలో కాలర్ ఎముక మామూలుగా పెద్దగా కనబడదు, ఆడవాళ్లలో కనబడినా పొడుచుకు రాదు. భుజం గుండ్రంగా ఉండాలి. ఇతనికి కాలర్ ఎముక పైనా కిందా గుంటలు, భుజం చివర ఎముక తేలి చేయి పలకలా చదరంగా దిగింది. చేతి కోసం బొటనవేలు, చూపుడువేలు కొసలు గట్టిగా నొక్కిపట్టమనండి. వాటి మధ్య, చేతి వెనక వైపు కండ ఉబ్బాలి. ఇతనికి అక్కడ పల్లం ఉంది. ఒక చేతిలోనే ఇలా ఉంటే నరం దెబ్బతిందేమో ఆలోచించాలి. ఇతనికి రెండు చేతుల్లోనూ ఉంది.

కొవ్వుకు చేయి వెనక భాగం మంచి చోటు. మోచేయి మడిపించి, భుజానికీ మోచేతికీ మధ్యలో చర్మాన్ని బొటనవేలు, చూపుడువేళ్లతో పట్టి కొంచెం లాగండి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: కండను కూడా కలిపి పట్టేసి ‘కొవ్వు బాగానే ఉంది’ అని రాస్తారు. పట్టు వదలకుండా చేయి చాపమనండి, కండ బిగిసి వేళ్ల మధ్య నుంచి జారిపోతుంది. మిగిలిందే కొవ్వు. వేళ్లు దాదాపు ఒకదానికొకటి తగిలితే తీవ్ర నష్టం. ఇతనికి కొంత మందం మిగిలే ఉంది కాబట్టి స్వల్పం. కళ్ల కింద కూడా కొద్దిపాటి పల్లమే.

పిక్కలు వాపులో మునిగాయి, వాటికి గ్రేడ్ ఇవ్వలేం. ఇవ్వలేమని రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ చూసినవాళ్లు అక్కడ అంతా బాగుందనుకుంటారు.

నోటులో ‘బక్కగా ఉన్నాడు’ అంటే కుదరదు. పుట్టుకతో సన్నగా ఉన్నవాళ్లూ బక్కగానే ఉంటారు. ఏ చోట, ఏం కనబడింది, ఎంత తీవ్రం అన్నది ఉండాలి:

> కండ: రెండు కణతల్లో గుంట; కాలర్ ఎముక, భుజం ఎముక పొడుచుకు వచ్చాయి; రెండు చేతుల్లో బొటనవేలు–చూపుడువేలు మధ్య పల్లం. తీవ్ర నష్టం.
> కొవ్వు: చేయి వెనక, కళ్ల కింద స్వల్ప నష్టం.
> వాపు: రెండు కాళ్లు, మోకాళ్ల దాకా, నొక్కితే చొట్ట, గుండె వైఫల్యం వల్ల. వాపు వల్ల పిక్కల కండ అంచనా వేయలేకపోయాం.
> బరువు: నీటి వల్ల ఆధారపడదగింది కాదు.
> తిండి: 2 నెలలుగా అవసరంలో సుమారు 50 శాతం.
> నిర్ధారణ: దీర్ఘకాలిక వ్యాధితో కూడిన తీవ్ర పోషకాహార లోపం, ఆధారం: కండ నష్టం, తగ్గిన తిండి.

నిర్ధారణకు రెండే ఆధారాలు ఎందుకు? అకాడమీ ఆఫ్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్, ఆస్పెన్ అనే రెండు అమెరికా పోషకాహార సంస్థలు కలిసి 2012లో ఇచ్చిన పద్ధతిలో ఆరు లక్షణాలుంటాయి: తిండి, బరువు, కొవ్వు, కండ, నీరు చేరడం, చేతి పట్టు బలం. కనీసం రెండు ఉండాలి. దీర్ఘకాలిక వ్యాధిలో నెల లేదా అంతకన్నా ఎక్కువ కాలం అవసరంలో 75 శాతం లోపే తినడం, కండ తీవ్రంగా కరగడం ఇతనికి వర్తిస్తాయి. వాపును లెక్కలోకి తీసుకోలేదు, దానికి కారణం గుండె. దాన్ని కూడా పోషకాహార లోపం ఖాతాలో వేస్తే నోటు చదివిన డాక్టర్ మిగతాదాన్నీ అనుమానిస్తారు, ఆ అనుమానం న్యాయమే.

మందులతో నీరు దిగాక బరువు ఒక్కసారిగా పడుతుంది. ఆ రోజు మళ్లీ తూచి, వాపు దిగిన పిక్కలను పట్టి చూసి, ఇదే నోటు కింద తేదీ వేసి చేర్చండి. తర్వాతి పాఠంలో చేతి పట్టు బలాన్ని కొలుద్దాం.