నికోటినమైడ్ టైట్రేషన్: ఫలితం 101 దాటితే, రంగు సాగితే

తిరుపతిలో మే నెలలో ఫార్మసీ ప్రాక్టికల్స్ చేయించిన వాళ్లకు ఇది తెలిసిన గొడవే. ఉదయం బ్యాచ్‌కు 100 శాతం దగ్గర వచ్చిన నికోటినమైడ్, మధ్యాహ్నం బ్యాచ్‌కు 101 దాటుతుంది. సీసా అదే, పొడి అదే. "సార్, ఎక్కువ పోసేశామేమో" అని పిల్లలు టెన్షన్ పడతారు. తప్పు వాళ్ల చేతిలో లేదు.

లక్షణం 1: రంగు చక్కగా మారుతుంది, ఫలితం మాత్రం ఎక్కువ వస్తుంది

కారణం వేడి. ఈ టైట్రేషన్‌లో బ్యూరెట్‌లో పోసేది నీటికి బదులు గ్లేషియల్ అసిటిక్ యాసిడ్‌లో కలిపిన పెర్క్లోరిక్ యాసిడ్. ఆ గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.0011 వంతు వ్యాకోచిస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర నీటికి ఇది 0.0002 మాత్రమే. అందుకే నీటిలో చేసే టైట్రేషన్‌లో పట్టించుకోని పది డిగ్రీల తేడా ఇక్కడ 1.1 శాతం తప్పుగా బయటపడుతుంది. వేడెక్కిన పెర్క్లోరిక్ యాసిడ్ ద్రావణంలో ఒక్కో మి.లీ.కి ఆమ్లం తగ్గుతుంది కాబట్టి బ్యూరెట్‌లో ఎక్కువ మి.లీ. ఖర్చవుతుంది.

మా ల్యాబ్‌లో చేసే లెక్కే చెబుతాను. పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో ఉదయం 27 డిగ్రీల దగ్గర స్టాండర్డైజ్ చేస్తే 0.1000 M వచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోయి, ఏసీ ఆగి, బ్యూరెట్‌లో ద్రావణం 37 డిగ్రీలు ఉంది. 0.2500 గ్రాముల నికోటినమైడ్‌కు బ్లాంక్ తీసేశాక 20.70 మి.లీ. పట్టింది. ఒక మి.లీ.కి 12.21 మి.గ్రా. చొప్పున లెక్కిస్తే 101.1 శాతం. ఇప్పుడు సవరణ:

```
Vc = V × [1 + 0.0011 × (t1 − t2)]
   = 20.70 × [1 + 0.0011 × (27 − 37)]
   = 20.47
```

t1 స్టాండర్డైజ్ చేసినప్పటి ఉష్ణోగ్రత, t2 టైట్రేషన్ నాటిది. 20.47తో లెక్కిస్తే 100.0 శాతం. వీటిని తారుమారు చేస్తే తప్పు రెట్టింపవుతుంది, పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే.

గోడకున్న థర్మామీటర్ కాదు, ద్రావణం సీసాలోని ఉష్ణోగ్రతే రాసుకోవాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన సీసా వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. లెక్క తెలియడానికి పైన పది డిగ్రీల తేడా చూపించాను గానీ, తేడా ఐదు డిగ్రీలు దాటితే నేను సవరణ మీద ఆధారపడను, మళ్లీ స్టాండర్డైజ్ చేయిస్తాను.

లక్షణం 2: రంగు సాగుతుంది, ఎక్కడ ఆపాలో తెలియదు

క్రిస్టల్ వయొలెట్ ఊదా నుంచి నీలానికి, అక్కడి నుంచి ఆకుపచ్చ కలిసిన నీలానికి ఒకటి రెండు చుక్కల్లో మారాలి. అది అర మి.లీ. దాకా సాగితే, మూడు రీడింగులు మూడు రకాలుగా వస్తే, ముందు నీటిని అనుమానించండి.

అసిటిక్ యాసిడ్‌లో నీరు కూడా ఒక క్షారమే. నికోటినమైడ్ లాంటి బలహీన క్షారంతో అది ప్రోటాన్ కోసం పోటీ పడుతుంది. ఇంకో తిరకాసు ఉంది. థాలేట్ కాస్త బలమైన క్షారం కాబట్టి, కొద్దిగా నీరున్నా స్టాండర్డైజేషన్ బాగానే జరుగుతుంది. థాలేట్‌కు తెగినట్టు మారిన రంగు నమూనాకు సాగుతోందంటే నాకు నీరే గుర్తొస్తుంది.

మొదట అడగాల్సింది, నమూనాను 20 మి.లీ. అసిటిక్ యాసిడ్‌లో కరిగించాక 5 మి.లీ. అసిటిక్ అన్‌హైడ్రైడ్ వేశారా అని. తర్వాత బ్యూరెట్ చూడండి. నీళ్లతో కడిగి, ఆరకముందే నింపిన బ్యూరెట్‌లు ఎన్ని చూశానో లెక్కలేదు. అవి రెండూ సరిగా ఉంటే తప్పు ద్రావణం తయారీలో ఉంటుంది.

లీటరుకు పోసే 8.5 మి.లీ. 70 శాతం పెర్క్లోరిక్ యాసిడ్‌లో సుమారు 4.2 గ్రాముల నీరుంటుంది. దాన్ని తీసేయడానికి 24 గ్రాములు, అంటే సుమారు 22 మి.లీ. అన్‌హైడ్రైడ్ కావాలి. కలిపిన రోజే వాడకూడదు, ఒక రోజంతా ఉంచాలి. కార్ల్ ఫిషర్ పరికరం ఉంటే నీరు 0.02 నుంచి 0.05 శాతం మధ్య ఉందో లేదో చూసుకోవచ్చు.

కలిపే వరుస మాత్రం ఎప్పుడూ తప్పొద్దు. పెర్క్లోరిక్ యాసిడ్‌ను ముందు చాలా అసిటిక్ యాసిడ్‌లో కలిపి, చల్లబరుస్తూ అన్‌హైడ్రైడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. పెర్క్లోరిక్ యాసిడ్, అన్‌హైడ్రైడ్ నేరుగా కలిస్తే పేలుడు జరగొచ్చు. పెర్క్లోరిక్ యాసిడ్ ఒలికితే దూదితో తుడిచి బుట్టలో పడేయకండి, ఎక్కువ నీళ్లు పోసి కడగండి.

అలాగని అన్‌హైడ్రైడ్ ఎక్కువైనా మంచిదే అనుకోవద్దు. నికోటినమైడ్‌కు ఇబ్బంది లేదు గానీ, ప్రైమరీ, సెకండరీ అమీన్లను అది అసిటైలేట్ చేస్తుంది. అప్పుడు అవి క్షారంగా పనిచేయవు, ఫలితం తక్కువ వస్తుంది. అలాంటి నమూనాకు ద్రావణంలో అన్‌హైడ్రైడ్ మిగలకుండా చూసుకోవాలి, నమూనాలో విడిగా వేయకూడదు.