పెడల్ బరువెక్కితే చూడాల్సింది వెనక చక్రం పళ్లే

తమ్ముడూ, డిప్లొమాలో గేర్ రేషియో లెక్కలు చేస్తున్నావు కదా, అలిపిరి వైపు ఎత్తు ఎక్కేటప్పుడు నీ గేర్ సైకిల్‌నే ఒకసారి లెక్కకట్టు. పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి 42 పళ్లు, వెనక చక్రం ఇరుసు మీద 14, 28 పళ్ల చక్రాలు ఉన్నాయనుకో.

క్రాంక్ అడ్డంగా ఉన్నప్పుడు పెడల్ మీద 300 న్యూటన్ల బలం వేశావు. క్రాంక్ పొడవు 17 సెంటీమీటర్లు కాబట్టి టార్క్ 51 న్యూటన్ మీటర్లు. 42 పళ్ల చక్రం వ్యాసార్థం దాదాపు 8.5 సెంటీమీటర్లు, అంటే చైన్‌లో లాగుడు 600 న్యూటన్లు.

చాలామంది తడబడేది ఇక్కడే. వెనక గేర్ మార్చినా ఈ 600 మారదు. మారేది ఆ చైన్ పట్టుకుని తిప్పే వ్యాసార్థం. 14 పళ్లకు అది 2.8 సెంటీమీటర్లు, వెనక చక్రానికి అందేది 17 న్యూటన్ మీటర్లు. 28 పళ్లకు వ్యాసార్థం రెట్టింపు, టార్క్ 34.

దానికి కట్టే మూల్యం వేగం. నిమిషానికి 60 సార్లు తొక్కితే, చుట్టుకొలత 2.1 మీటర్లున్న చక్రంతో 14 పళ్ల గేర్‌లో గంటకు సుమారు 22.7 కిలోమీటర్లు, 28 పళ్ల దాంట్లో 11.3. టార్క్‌ను వేగంతో గుణించి చూడు, రెండు చోట్లా ఒకటే వస్తుంది. గేర్ కొత్తగా శక్తినివ్వదు. చైన్ రాపిడికి పోయేది కొంచెమే కాబట్టి ఇక్కడ వదిలేశాను.

ఎత్తు మొదలవకముందే గేర్ మార్చు. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ కటకటలాడుతూ పళ్ల మీద నుంచి జారిపోతుంది.