బీమా వేరు, పొదుపు వేరు. మూడో పాఠం: పాలసీ అసలు రాబడిని లెక్కకట్టడం

గత రెండు పాఠాల్లో పాలసీ పత్రం ఎలా చదవాలో, అందులో హామీ ఉన్న అంకెను హామీ లేని అంకె నుంచి ఎలా విడదీయాలో చూశాం. ఈసారి ఆ అంకెలతో లెక్క చేద్దాం. పాలసీ పత్రం, ఒక స్ప్రెడ్‌షీట్, ఓ అరగంట సమయం చాలు. యూనిట్లతో ముడిపడిన పాలసీల్లో ఛార్జీలు కోసే తీరే వేరు కాబట్టి వాటిని నాలుగో పాఠానికి వదిలేస్తున్నాను. ఇవాళ్టి పాఠం ఎండోమెంట్ గురించి. అంటే గడువులోపు చనిపోతే కుటుంబానికి డబ్బు, బతికుంటే గడువు చివర మనకే డబ్బు ఇచ్చే పాలసీ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సంఖ్యలు నేను కల్పించినవే, కరెన్సీ ఏదైనా అనుకోండి. సమ్ అష్యూర్డ్, అంటే పాలసీ హామీ ఇచ్చే మొత్తం, 20 లక్షలు. గడువు 20 ఏళ్లు, ఏటా ప్రీమియం లక్ష. ఏటా వెయ్యికి 40 చొప్పున బోనస్ ప్రకటిస్తారు. 20 లక్షల మీద అది ఏడాదికి 80,000. ఇరవై ఏళ్లకు బోనస్ 16 లక్షలు, సమ్ అష్యూర్డ్ 20 లక్షలు, మొత్తం చేతికొచ్చేది 36 లక్షలు.

అమ్మేవాళ్లు దీన్ని ఎలా చెబుతారో మీకు తెలిసే ఉంటుంది: "ఇరవై లక్షలు కడితే ముప్ఫై ఆరు లక్షలు వస్తాయి, పైగా బీమా ఉచితం." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, ఆ ఉచితం తప్ప. కానీ ఏటా ఎంత శాతం రాబడి వస్తోందన్న మాటే ఎక్కడా లేదు.

లెక్క వేయడం

స్ప్రెడ్‌షీట్‌లో A1 నుంచి A20 వరకు ప్రతి గడిలో -100000 వేయండి. మన జేబులోంచి పోయే డబ్బుకు ముందు మైనస్ గుర్తు తప్పనిసరి. A21లో 3600000 వేయండి. ఇంకో గడిలో ఈ సూత్రం రాయండి:

```
=IRR(A1:A21)
```

జవాబు సుమారు 5.3 శాతం. ఏటా కట్టేది ఒకే మొత్తమైతే ఇరవై గడులు నింపకుండానే ఇదే జవాబు రాబట్టొచ్చు:

```
=RATE(20,-100000,0,3600000,1)
```

చివర ఉన్న 1 అంటే ప్రీమియం ఏడాది మొదట్లో కడుతున్నామని అర్థం. రెండు సూత్రాల జవాబులూ కలవాలి. కలవకపోతే ఎక్కువసార్లు కారణం ఒక్కటే: చివరి ప్రీమియం, గడువు చివర వచ్చే మెచ్యూరిటీ డబ్బు ఒకే ఏడాది వరుసలో పడి ఉంటాయి. చివరి ప్రీమియం ఇరవయ్యో ఏడాది మొదట్లో కడతాం, డబ్బు ఆ ఏడాది చివర వస్తుంది. మధ్యలో పూర్తిగా ఒక ఏడాది ఉంది. దాన్ని మరిచిపోతే జవాబు 5.8 శాతానికి పెరుగుతుంది. కాగితం మీద అర శాతం ఊరికే వచ్చేసినట్టు కనిపిస్తుంది. మైనస్ గుర్తులు మరిచిపోతే మాత్రం అంకెకు బదులు `#NUM!` అని వస్తుంది, కాబట్టి ఆ తప్పు దాగదు.

5.3 దగ్గరే ఎందుకు ఆగింది?

వెయ్యికి 40 అంటే 4 శాతమే కదా, 5.3 వచ్చిందంటే మేలే కదా అని అనిపించొచ్చు. ఆ 4 శాతం సమ్ అష్యూర్డ్ మీద లెక్కగట్టింది, మీరు కట్టిన డబ్బు మీద కాదు. రెండింటికీ పోలికే లేదు. అందుకే బోనస్ రేటు చూసి పాలసీ మంచిచెడ్డలు తేల్చకూడదు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. మొదటి ఏడాది ప్రకటించిన 80,000 మీ పేరున రాసి పెడతారు, కానీ చేతికివ్వరు. పంతొమ్మిదేళ్ల తర్వాత ఇచ్చేదీ అదే 80,000. ఈ పాలసీలో బోనస్‌ మీద బోనస్ లేదు. చక్రవడ్డీ బాగా పనిచేయాల్సింది తొలి ఏళ్ల డబ్బు మీదే, ఇక్కడ సరిగ్గా ఆ డబ్బే కదలకుండా కూర్చుంటుంది. కొన్ని పాలసీల్లో బోనస్ మీద కూడా బోనస్ లెక్కిస్తారు. మీ పత్రంలో ఏది రాసుందో చూసుకోండి, ఎందుకంటే ఒకే బోనస్ రేటు ఈ రెండు పద్ధతుల్లో చాలా వేరే ఫలితం ఇస్తుంది.

దీనికి తోడు తొలి ప్రీమియంలోంచి కమీషన్, పాలసీ జారీ ఖర్చులు పెద్ద మొత్తంలో పోతాయి. ఆ డబ్బు ఇక పెట్టుబడిలోకి రాదు. మిగిలిన దాన్ని కూడా కంపెనీ ఎక్కువ భాగం బాండ్లలోనే పెట్టాలి, గడువు చివర హామీ మొత్తం ఇచ్చి తీరాలి కాబట్టి. ఇది కంపెనీ తప్పు కాదు, హామీకి ఉండే ఖరీదు. ఆ ఖరీదు ఎంతో మనకు విడిగా చూపించకపోవడమే నాకు నచ్చని సంగతి.

పాలసీకి న్యాయం చేద్దాం

ఈ 5.3 శాతాన్ని తీసుకెళ్లి నేరుగా వేరే పెట్టుబడితో పోల్చడం తప్పు. చాలామంది ఈ తప్పు చేసి పాలసీని అవసరానికి మించి తిడతారు. ఆ లక్షలో కొంత బీమాకే పోయింది, దాన్ని తీసేశాకే పోల్చాలి.

అదే 20 లక్షలకు, అదే ఇరవై ఏళ్లకు టర్మ్ పాలసీ ధర అడగండి. టర్మ్ అంటే చనిపోతేనే డబ్బు, బతికుంటే ఏమీ రాదు. మన ఉదాహరణలో ఆ ప్రీమియం 5,000 అనుకుందాం. అప్పుడు పెట్టుబడి భాగం 95,000 మాత్రమే. ఆ 95,000 ఏటా ఎంత శాతం తెస్తే 36 లక్షలు అవుతుంది?

```
=RATE(20,-95000,0,3600000,1)
```

సుమారు 5.75 శాతం. మీరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదే. అంతే భద్రత ఉన్న వేరే చోట, పన్ను పోగా 5.75 కన్నా ఎక్కువ వస్తే బీమాను టర్మ్‌కీ, పొదుపును ఆ చోటికీ విడదీయడం లాభం. అంతకన్నా తక్కువ వస్తే పాలసీయే నయం, అలాంటి కాలాలూ ఉంటాయి. షేర్ల ఫండ్ గతంలో ఇంత ఇచ్చిందని చెప్పి ఈ అంకె పక్కన పెట్టకండి, రెండింటి రిస్క్ ఒకటి కాదు.

ఆ 95,000 ఏటా 7 శాతం తెచ్చిందనుకుంటే ఇరవై ఏళ్లకు 41.7 లక్షలు. తేడా ఐదున్నర లక్షలకు కొంచెం పైన. నా దృష్టిలో మాత్రం చివరి రోజు తేడా కన్నా మధ్యలో వచ్చే తేడా ముఖ్యం. పదిహేనో ఏడాది చివర మనిషి చనిపోయాడనుకోండి. పాలసీ నుంచి కుటుంబానికి 20 లక్షలు, అప్పటిదాకా జమైన బోనస్ 12 లక్షలు, మొత్తం 32 లక్షలు వస్తాయి. విడదీసిన వాళ్ల కుటుంబానికి టర్మ్ నుంచి 20 లక్షలు, పెట్టుబడి నుంచి 25.5 లక్షలు, మొత్తం 45.5 లక్షలు. జతచేసిన పాలసీలో చావుకు ఇచ్చే డబ్బులో మీ పొదుపు కూడా కలిసిపోయి ఉంటుంది. కాలం గడిచేకొద్దీ కంపెనీ తన వైపు నుంచి వేసేది తగ్గుతూ పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏటా లక్ష కట్టగలిగే కుటుంబానికి 20 లక్షల కవర్ సాధారణంగా చాలదు. ఎండోమెంట్‌లో కవర్ ఐదు రెట్లు కావాలంటే ప్రీమియం కూడా దాదాపు ఐదు రెట్లు కట్టాలి. అందుకని తక్కువ కవర్‌తోనే సరిపెట్టుకుంటారు. టర్మ్‌లో కోటి కవర్ అడిగినా పొదుపుకు మిగిలేది పెద్దగా తగ్గదు.

ఇప్పటికే కడుతున్నవాళ్లు

"అయితే రేపే సరెండర్ చేసేయాలా?" అని అడిగేవాళ్లు ఎక్కువ. సరెండర్ అంటే పాలసీని మధ్యలోనే వదిలేసి, కంపెనీ ఇచ్చినంత తీసుకోవడం. తొందరపడకండి. 5.3 అన్నది మొదటి రోజు నుంచి వేసిన లెక్క. మీరు ఇప్పుడు మధ్యలో ఉన్నారు. కట్టేసిన డబ్బు లెక్కలోకి రాదు, ఇక ముందు కట్టబోయేదీ రాబోయేదీ మాత్రమే చూడాలి.

మన ఉదాహరణలోనే ఐదు ప్రీమియంలు కట్టాం, ఆరోది కట్టే సమయం వచ్చిందనుకుందాం. సరెండర్ చేస్తే ఇప్పుడే 2,60,000 ఇస్తారు. కట్టింది ఐదు లక్షలు కదా అని గుండె గుభేల్‌మంటుంది, కానీ తొలి ఏళ్ల ఖర్చులన్నీ వాళ్లు ముందే మినహాయించుకున్నారు. రెండో దారి పెయిడప్: ఇక ప్రీమియం కట్టం, పాలసీ మాత్రం రద్దు కాదు. ఇరవైలో ఐదు కట్టాం కాబట్టి సమ్ అష్యూర్డ్ 5 లక్షలకు తగ్గుతుంది, జమైన బోనస్ 4 లక్షలు అలాగే ఉంటుంది. పదిహేనేళ్ల తర్వాత 9 లక్షలు వస్తాయి. మూడో దారి, చివరిదాకా కట్టి 36 లక్షలు తీసుకోవడం. కుటుంబానికి చాలినంత టర్మ్ పాలసీ ఇప్పటికే ఉందనుకుందాం, అందుకే పాత పాలసీ కవర్‌కు ఇక్కడ విలువ కట్టడం లేదు.

ముందు సరెండర్, పెయిడప్ పోల్చండి. ఇవాళ 2,60,000 తీసుకోకుండా వదిలేస్తే పదిహేనేళ్లకు 9 లక్షలు:

```
=RATE(15,0,-260000,900000)
```

8.6 శాతం! ఇంత చెడ్డదనుకున్న పాలసీలోనే ఇంత మంచి రేటు ఎలా వచ్చిందంటే, సరెండర్ విలువను అంత తగ్గించి ఇస్తున్నారు కాబట్టి. తర్వాత పెయిడప్, కొనసాగింపు పోల్చండి. ఇంకో పదిహేను లక్షలు కడితే 9కి బదులు 36, అంటే అదనంగా 27 లక్షలు:

```
=RATE(15,-100000,0,2700000,1)
```

ఇది 7 శాతం. ఇక నిర్ణయం తేలికే. అంతే భద్రతతో బయట 7 కన్నా తక్కువ దొరుకుతుంటే కట్టుకుంటూ పొండి. 7కీ 8.6కీ మధ్య దొరికితే పెయిడప్ చేసి, కొత్త డబ్బు బయట పెట్టండి. 8.6 దాటితేనే సరెండర్ గురించి ఆలోచించండి. ఒక జాగ్రత్త: పెయిడప్ లెక్కలోని బోనస్ ఇప్పటికే జమైంది, కొనసాగింపు లెక్కలోది ఇంకా రావాలి. ఇకనుంచి బోనస్ వెయ్యికి 30కి పడిపోతే ఆ 7 కాస్తా 5.7 అవుతుంది.

ఒక్క ప్రీమియమే కట్టినవాళ్ల కథ వేరు. సరెండర్ విలువ ఇంకా పుట్టలేదనుకుంటే, మిగిలిన పంతొమ్మిది కట్టడం మీద వచ్చే రాబడి 6 శాతం పైచిలుకు మాత్రమే. ఆ దశలో లక్ష వదులుకుని బయటపడటం చాలామందికి లాభమే, మనసు ఒప్పుకోవడమే కష్టం. పాలసీ చేతికొచ్చి కొద్ది రోజులే అయితే, వద్దనుకుని వెనక్కిచ్చే గడువు చాలా దేశాల్లో ఉంటుంది. పత్రం మొదటి పేజీల్లో వెతకండి.

వరుస మాత్రం తప్పకూడదు. ముందు టర్మ్ పాలసీకి దరఖాస్తు, ప్రపోజల్ ఫారంలో జబ్బులు, పొగ తాగడం, పాత పాలసీలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయడం, వైద్య పరీక్షలు, పాలసీ చేతికి రావడం. ఆ తర్వాతే పాత పాలసీ మీద చెయ్యి వేయాలి. ఆరోగ్యం బాగాలేక టర్మ్ నిరాకరిస్తే లెక్క అక్కడే మారిపోతుంది. అప్పుడు పాత పాలసీలోని కవర్ మళ్లీ కొనలేని వస్తువు, రాబడి ఎంతైనా దాన్ని వదులుకోవద్దు.

అభ్యాసం

మీ పాలసీ ఇచ్చిన కంపెనీకి రాసి నాలుగు అంకెలు తెప్పించుకోండి: ఈ తేదీకి సరెండర్ విలువ, పెయిడప్ విలువ, ఇప్పటిదాకా జమైన బోనస్, ఆఖరిగా ప్రకటించిన బోనస్ రేటు. ఫోన్‌లో చెప్పింది రాసుకుని సరిపెట్టుకోకండి, రాతపూర్వకంగా అడగండి. పైన ఉన్న చివరి రెండు సూత్రాల్లో మీ అంకెలు, మీకు మిగిలిన ఏళ్లు పెట్టి రెండు రేట్లు రాబట్టండి. తర్వాత బోనస్‌ను పావు వంతు తగ్గించి రెండోదాన్ని మళ్లీ వేయండి. సరెండర్ డబ్బు మీద పన్ను పడుతుందేమో కనుక్కుని, పడితే ఆ రెండింట్లో మొదటి సూత్రంలోని సరెండర్ విలువను ఆ మేరకు తగ్గించండి. నాలుగో పాఠంలో యూనిట్ల పాలసీకి ఇదే లెక్క వేసేటప్పుడు ఈ కాగితం దగ్గర పెట్టుకోండి.