కేకు పంపకం – 3వ పాఠం: ముగ్గురున్నప్పుడు

కిందటి పాఠంలో ఇద్దరి సంగతి చూశాం: ఒకరు కోస్తారు, రెండోవారు ఎంచుకుంటారు. మూడో మనిషి వచ్చేసరికి ఆ కిటుకు చాలదు. ‘నా మూడో వంతు నాకొచ్చింది’ అనుకున్నా, పక్క ప్లేటులోది ఇంకా బాగుందనిపిస్తే కుళ్ళు తప్పదు కదా. అది కూడా లేకుండా ముగ్గురికి పంచే పద్ధతిని 1960 ప్రాంతంలో జాన్ సెల్ఫ్‌రిడ్జ్, జాన్ కాన్వే అనే గణితవేత్తలు ఎవరికి వారే కనిపెట్టారు.

పర్లాకిమిడిలో ఒక పుట్టినరోజు అనుకుందాం. పొడవాటి కేకు మీద ఎడమవైపు క్రీము గులాబీలు, మధ్యలో ఒడియా అక్షరాల్లో చాక్లెట్‌తో రాసిన పేరు, కుడివైపు చెర్రీలు. తినేది శ్రీను, లావణ్య, పక్కింటి టుకునా.

కత్తి ముందు శ్రీనుకివ్వండి. తన దృష్టిలో సమానమైన మూడు ముక్కలు కోయాలి. వాడికి అలంకరణ పట్టదు, సైజే ముఖ్యం.

తర్వాత లావణ్య. కేకంతా వంద మార్కులనుకుంటే, ఆమె కంటికి గులాబీల ముక్క 50, పేరున్నది 30, చెర్రీలది 20. అన్నిటికంటే మంచి ముక్క రెండోదానితో సమానమయ్యేదాకా ఆమె దాన్ని తరగాలి. అంటే 20 మార్కుల మేర. ఇక్కడే తొందరపడకూడదు. సన్నగా కోయించి, “ఇప్పుడు ఈ రెండిట్లో ఏదిచ్చినా ఒకటేనా?” అని అడగండి. “గులాబీలదే కావాలి” అంటే ఇంకొంచెం తియ్యాలి. తీసిన తరుగు పక్కన పెట్టండి.

ఇప్పుడు ఎంపిక. ముందు టుకునా. వాడు పేరున్న ముక్క తీసుకున్నాడు. తరిగిన ముక్క మిగిలి ఉంటే లావణ్య దాన్నే తీసుకోవాలి, ఇది తప్పనిసరి. ఈ నియమం వదిలేస్తే ఆ చిన్న ముక్క శ్రీను నెత్తిన పడొచ్చు, గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. శ్రీనుకి చెర్రీలది.

ఇక తరుగు. తరిగిన ముక్క లావణ్యకి వెళ్ళింది కాబట్టి దీన్ని టుకునా తన దృష్టిలో మూడు సమాన భాగాలు చేస్తాడు. ముందు లావణ్య, తర్వాత శ్రీను, చివర టుకునా తీసుకుంటారు. మొదటి విడతలో తరిగిన ముక్కని టుకునాయే తీసుకుని ఉంటే లావణ్య, టుకునాల పాత్రలు తారుమారవుతాయి.

లావణ్య తనకంటే ముందు ఎంచుకుందని శ్రీనుకి మండదా? మండదు. తరుగంతా ఆమెకే పోయినా, ఆమె చేతిలో ఉండేది శ్రీను మొదట కోసిన ముక్కే, అది వాడి లెక్కలో తన ముక్కకి సమానమే. టుకునా కంటే వాడు ముందే ఎంచుకున్నాడు. లావణ్య అందరికంటే ముందు తీసుకుంది. సమానంగా కోసింది టుకునాయే కాబట్టి ఏ భాగం మిగిలినా వాడికి ఒకటే.

కేకు మీద బొమ్మ ఉంటే ముందే తీసేయండి. ముక్కలు చేయలేని వస్తువుకి ఈ పద్ధతి పనికిరాదు.

అభ్యాసం: శ్రీను కోసిన మూడిట్లో లావణ్యకి గులాబీలది 40, పేరున్నది 40, చెర్రీలది 20 అనిపిస్తే ఎంత తరగాలి? తర్వాత ఎవరు ఏ వరుసలో తీసుకోవాలి? నలుగురి సంగతి వచ్చే పాఠంలో.