డిపాజిట్ వేసే ముందు: చెప్పిన రేటు వేరు, చేతికొచ్చే రాబడి వేరు

ఒకే డిపాజిట్‌ని మూడు శాతాలతో చెప్పవచ్చు: 7 శాతం, 7.19 శాతం, 8.30 శాతం. మూడూ కూడికల్లో తప్పు లేనివే. కానీ రెండు చోట్ల డిపాజిట్‌లను పోల్చడానికి వాటిలో పనికొచ్చేది ఒక్కటే. మిగతా రెండింటిలో దేన్ని పట్టుకుని సంతకం పెట్టినా తక్కువ ఇచ్చేదాన్ని ఎక్కువనుకుని డబ్బు కట్టేసే ప్రమాదం ఉంది.

మొదటిది ప్రకటించిన రేటు, అంటే ఏడాదికి 7 శాతం. మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతారనుకుందాం. అప్పుడు ప్రతి మూడు నెలలకు పడేది అందులో నాలుగో వంతు, 1.75 శాతం. లక్ష వేస్తే మొదటి మూడు నెలలకు 1,750 వస్తుంది. రెండో మూడు నెలలకు వడ్డీ లక్ష మీద కాదు, 1,01,750 మీద పడుతుంది కనుక 1,780.63 వస్తుంది. అలా నాలుగుసార్లు తిరిగాక ఏడాది చివర ఖాతాలో 1,07,186 ఉంటుంది. లక్ష మీద ఏడాదికి నిజంగా పెరిగింది 7.19 శాతం. రెండో అంకె ఇదే. దీన్నే వాస్తవ రాబడి అంటాం, పోల్చాల్సింది దీన్నే.

మూడోది 8.30. అదే డిపాజిట్ అయిదేళ్లు ఉంచితే లక్ష 1,41,478 అవుతుంది. వచ్చిన వడ్డీ 41,478ని అయిదుతో భాగించి 'ఏడాదికి 8.30 శాతం యీల్డ్' అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. చక్రవడ్డీతో పెరిగిన సొమ్మును బారువడ్డీ లెక్కన సంవత్సరాలకు పంచితే అంకె ఉబ్బుతుంది. గడువు పెరిగేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది: అదే 7 శాతం డిపాజిట్‌ని పదేళ్లు ఉంచితే లక్ష కాస్త రెండు లక్షలు దాటుతుంది కాబట్టి, దాన్నే '10 శాతం యీల్డ్' అనవచ్చు. రేటు మారలేదు, డబ్బు పెరిగే వేగం మారలేదు, భాగించిన తీరు మాత్రమే మారింది.

నష్టం ఎలా జరుగుతుందో చూడండి. ఒకచోట '8.30 శాతం యీల్డ్, అయిదేళ్లు' అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో 7 శాతం, మూడు నెలలకోసారి కలుపుతాం అని ఉంది. ఇంకోచోట 7.25 శాతం, ఏడాదికోసారి కలుపుతాం అని ఉంది. పైకి మొదటిదే ఒక శాతం ఎక్కువ. అయిదేళ్ల తర్వాత మొదటిది ఇచ్చేది 1,41,478, రెండోది ఇచ్చేది 1,41,901. చూడ్డానికి తక్కువగా ఉన్నదే 423 ఎక్కువ ఇచ్చింది. తేడా చిన్నదే, కానీ ఒక శాతం ఎక్కువ వస్తుందని ఆశపడి వెళ్లినవాళ్లకు అసలు ఏమీ ఎక్కువ రాలేదు.

కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న శాతం గురించి కాదు. 'లక్ష వేస్తే గడువు రోజున చేతికి ఎంత ఇస్తారు?' అని అడగండి, ఆ అంకెను రాతలో తీసుకోండి. గడువు ఒకటే అయితే ఆ మొత్తాలను పక్కపక్కన పెడితే చాలు. గడువులు వేరైతే కంప్యూటర్ షీట్‌లో ఇలా వేయండి:

```
=(141478/100000)^(1/5)-1
=EFFECT(7%,4)
```

మొదటిది గడువు రోజున చేతికొచ్చే మొత్తం నుంచి, రెండోది చెప్పిన రేటు, ఏడాదికి ఎన్నిసార్లు కలుపుతారు అన్న రెండు అంకెల నుంచి వాస్తవ రాబడిని ఇస్తుంది. రెండూ 7.19 దగ్గరకే వస్తే మీకు చెప్పిన షరతులు, రసీదులో రాసిన మొత్తం సరిపోయినట్టే. రాకపోతే వడ్డీ కలిపే తీరు మీకు చెప్పినట్టు లేదు. గడువు పూర్తి త్రైమాసికాలుగా లేనప్పుడు, ఉదాహరణకు 14 నెలలైతే, చివరి రెండు నెలలకు బారువడ్డీ మాత్రమే వేయడం మామూలే. అంత చిన్న తేడాకు కంగారు పడనక్కర్లేదు.

ఇక ఎన్నిసార్లు కలుపుతారన్న దానికి ఎంత విలువ ఇవ్వాలి? చాలామంది ఇచ్చేదానికన్నా తక్కువే. 7 శాతం రేటు మీద ఆరు నెలలకోసారి కలిపితే 7.12, మూడు నెలలకోసారి 7.19, నెలకోసారి 7.23, రోజూ కలిపినా 7.25. ఏడాదికోసారి నుంచి మూడు నెలలకోసారికి వస్తే కనిపించే లాభం ఉంది. అక్కడి నుంచి రోజువారీకి వెళ్తే లక్షకు ఏడాదికి 64 మాత్రమే అదనం. క్షణక్షణం కలిపినా 7.25 దాటి లెక్కపెట్టదగ్గంత రాదు. 'రోజూ చక్రవడ్డీ' అన్న మాట విని పావు శాతం తక్కువ రేటుకు ఒప్పుకుంటే ఆ లాభమంతా ముందే ఇచ్చేసినట్టు.

నోటితో వేసుకునే లెక్క ఒకటుంది. రేటును రేటుతో గుణించి సగం చేయండి. 7 శాతానికి 0.07 × 0.07 ÷ 2, అంటే సుమారు 0.245 శాతం. కలపడం వల్ల రాగలిగే అదనం దాదాపు అంతే. అందులో ఆరు నెలల పద్ధతికి సగం, మూడు నెలల పద్ధతికి ముప్పాతిక దక్కుతాయి. 4 శాతం రేటైతే మొత్తం అదనం 0.08 శాతమే, పట్టించుకోకపోయినా ఫర్వాలేదు. 12 శాతమైతే 0.72 దాకా వెళ్తుంది, అక్కడ తప్పకుండా అడగాలి.

ఈ లెక్కలన్నీ వడ్డీ డిపాజిట్‌లోనే ఉండిపోతేనే. నెలనెలా లేదా మూడు నెలలకోసారి వడ్డీ చేతికి ఇచ్చే పథకంలో అసలు లక్షగానే ఉంటుంది. మూడు నెలలకు 1,750 చొప్పున అయిదేళ్లలో వచ్చేది 35,000, 41,478 కాదు. ఖర్చులకు ఆ డబ్బు కావాలనుకుంటే అది సరైన ఎంపికే, కానీ చక్రవడ్డీ పథకానికి రాసిన యీల్డ్‌ను దీనికి అన్వయించుకోకండి. నెలనెలా తీసుకుంటే కొన్నిచోట్ల 583కి బదులు 580 ఇస్తారు. అది మోసం కాదు: త్రైమాసికం పూర్తికాకముందే ఇస్తున్నారు కనుక ఆ మేరకు తగ్గిస్తారు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ గడువు కన్నా ముందు తీయడం దగ్గర తగులుతుంది. అప్పుడు సాధారణంగా డబ్బు ఉన్నంత కాలానికి వర్తించే రేటు తీసుకుని, అందులోంచి జరిమానా కోసి, మొదటి రోజు నుంచి మళ్లీ లెక్క వేస్తారు. అయిదేళ్లకు 7 శాతం మీద వేసిన లక్షను రెండేళ్లకు తీశారనుకోండి. రెండేళ్ల రేటు 6.5, జరిమానా 1 శాతం అయితే 5.5 శాతమే వర్తిస్తుంది. 1,14,888 రావాల్సింది 1,11,544కి తగ్గుతుంది, అంటే 3,344 పోతుంది. దీంతో పోలిస్తే, అదే 7 శాతాన్ని ఏడాదికోసారి కలపడానికి, మూడు నెలలకోసారి కలపడానికి రెండేళ్లలో తేడా 398 మాత్రమే. వడ్డీ నెలనెలా తీసుకుంటూ ఉన్నవాళ్లకైతే ఎక్కువగా ఇచ్చిన వడ్డీని అసలులోంచి పట్టుకుంటారు. అందుకే జరిమానా ఎంత, ఏ రేటు మీద కోస్తారన్నది డబ్బు కట్టకముందే రాతలో చూసుకోండి. ఆ డబ్బు మధ్యలో అవసరపడొచ్చనిపిస్తే ఒకే పెద్ద డిపాజిట్ కాకుండా మూడు నాలుగు చిన్నవిగా విడగొట్టి వేయండి. కావాల్సినంత మాత్రమే తీసి, మిగతావి పాత రేటు మీదే ఉంచుకోవచ్చు.